ట్యూబ్‌లైటు కింద నకిలీదే అందం

హోలోగ్రామ్ స్టిక్కరు అసలుదో కాదో తేల్చుకోవాలంటే ఇప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఫోను దగ్గరగా పెట్టి ఒక ఫొటో కొట్టి, తెలిసినవాళ్లకు పంపి, "ఇది ఒరిజినలేనా అన్నా?" అని అడుగుతారు. ఆ ఒక్క ఫొటో చాలాసార్లు నిజాన్ని తిరగేసి చెబుతుంది. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద తీస్తే అసలు స్టిక్కరు మసగ్గా, బూడిదరంగులో, బొమ్మ అలుక్కుపోయినట్టు పడుతుంది. స్కాన్ చేసి వెండిరంగు రేకు మీద అచ్చువేసిన నకిలీదేమో తీరైన అంచులతో, చదవడానికి వీలైన అక్షరాలతో ముచ్చటగా పడుతుంది. ఫొటో అందుకున్నవాడు నకిలీదానికే ఓటేస్తాడు.

అసలుదాని రంగులు రంగుసిరాతో వచ్చినవి కాకపోవడమే దీనికి కారణం. అవి వెలుగు వచ్చే దిక్కును బట్టి పుట్టే రంగులు. వెలుగు అన్నివైపుల నుంచీ వస్తే రంగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి బూడిదవుతాయి. సిరాకు ఆ బాధ లేదు, ఏ వెలుగులోనైనా ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి దగ్గరి ఫొటోలో చూడాల్సింది బొమ్మ ఎంత బాగుందన్నది కాదు, వెలుగు కదిలినప్పుడు బొమ్మ ఏం చేస్తున్నదన్నది.

స్టిక్కరు ఎలా తయారవుతుందో కొంచెం తెలిస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ముందుగా గాజుపలక మీద కాంతికి స్పందించే పూత పూసి, దాని మీద లేజరు కిరణాలతో బొమ్మను నమోదు చేస్తారు. పూతను రసాయనంలో కడిగితే వెలుగు తగిలిన తీరును బట్టి మెట్టపల్లాలు మిగులుతాయి. విద్యుత్తు సాయంతో దాని మీద నికెల్ పేర్చి, ఒలిచి, పల్చని లోహపు అచ్చు తీస్తారు. ఈ పనివాళ్లు దాన్ని షిమ్ అంటారు. పాలియెస్టర్ ఫిల్ము మీద లక్కలాంటి పూత పూసి, ఆ షిమ్‌ను వేడితో దాని మీద నొక్కుతారు. కజ్జికాయల చెక్కలో నొక్కిన పిండికి గీతలు దిగినట్టు, షిమ్ మీది గీతలన్నీ పూతలోకి దిగుతాయి. ఆపైన శూన్యపు గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, కొన్ని పదుల నానోమీటర్ల మందాన పట్టిస్తారు. చివరి పొర జిగురు. మనం చూసేది ఫిల్ము గుండా, లోపలున్న గీతల్ని. పైన గోరుతో గీకినా గీతలకు వెంటనే ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. మాస్టర్‌కార్డ్ 1983లో తన కార్డుల మీద హోలోగ్రామ్ పెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన రెండు రాష్ట్రాల్లో మద్యం సీసా మూత మీదుగా అంటించే ఎక్సైజ్ లేబుల్ కూడా ఈ కుటుంబంలోదే.

ఆ గీతల మధ్య ఎడం సుమారు ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇక్కడే కెమెరా సంగతి వస్తుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న సీలు ఫొటో ఫ్రేము నిండా పట్టిందనుకుందాం. ఫొటో అడ్డంగా 4000 పిక్సెళ్లయితే ఒక్కో పిక్సెల్ వాటాకు 5 మైక్రాన్లు వస్తాయి. ఫోను కటకం, చేతి వణుకు, లోపలి సాఫ్ట్‌వేరు నునుపుదనం కలిసి అసలు స్పష్టతను ఇంకా తగ్గిస్తాయి. అంటే హోలోగ్రామ్‌ను హోలోగ్రామ్‌గా చేసే గీతలు ఫోనుకు ఎప్పటికీ కనిపించవు. క్లిప్పుతో తగిలించే మాక్రో కటకం పెట్టినా అంతే. నకిలీ చేసేవాడు వదిలే జాడలు మాత్రం దానికి బాగానే దొరుకుతాయి. మామూలు ఆఫ్‌సెట్ ముద్రణలో అంగుళానికి 150 వరసల చుక్కలుంటాయి. రెండు చుక్కల నడుమ 170 మైక్రాన్లు, మన లెక్కలో 34 పిక్సెళ్లు. భూతద్దం లేకుండానే చుక్కలు లెక్కపెట్టవచ్చు.

ఇక వెలుగు లెక్క. ఒక మైక్రాను ఎడమున్న గీతల మీద వెలుగు నిట్టనిలువుగా పడితే, నీలం సుమారు 27 డిగ్రీల కోణంలో, ఆకుపచ్చ 32 డిగ్రీల దగ్గర, ఎరుపు 40 డిగ్రీల దగ్గర బయటికి వస్తాయి. కన్ను గానీ కెమెరా గానీ 27 నుంచి 40కి జరిగేలోగా, అంటే పదమూడు, పద్నాలుగు డిగ్రీల్లో, ఇంద్రధనుస్సు అంతా చూసేస్తుంది. ఆ పరిధి దాటితే ఆ భాగం ఒక్కసారిగా చీకటవుతుంది. గీతల ఎడం మారితే ఈ కోణాలూ మారతాయి. గీతలు పడుకున్న దిశ మారితే రంగు మరో వైపుకే వెళ్లిపోతుంది. డిజైను చేసేవాళ్ల చేతిలోని పరికరాలు ఈ రెండే. అక్షరాలకు ఒక ఎడం, వెనక నేలకు ఇంకో ఎడం, అంచుపట్టీకి వేరే దిశ. అందువల్ల నిజమైన సీలులో ఒక కోణంలో అక్షరాలు ఆకుపచ్చగా వెలిగితే నేల ఎర్రగానో నల్లగానో ఉంటుంది. వెలుగు కాస్త జరగ్గానే అక్షరాలు చీకటిలోకి పోయి నేల వెలుగుతుంది.

ట్యూబ్‌లైటు నాలుగడుగుల పొడవు. అది సీలు మీద ఒక్క కోణంలో పడదు, పదుల కోణాల్లో ఒకేసారి పడుతుంది. మబ్బుపట్టిన ఆకాశం ఇంకా అన్యాయం, వెలుగంతా దాని నిండా పరుచుకుని ఉంటుంది. బొమ్మలో లోతున్న భాగాలు మరీ దెబ్బతింటాయి. తలానికి వెనక ఉన్నట్టు కనిపించే బొమ్మ, వెలుగు మూలం ఎంత వెడల్పుంటే అంతగా అలుక్కుపోతుంది. ఆ సంగతి తెలియక మంచి సీలున్న వస్తువుల్ని తిరగ్గొట్టేవాళ్లు ఉంటారు.

కాబట్టి ఫొటో తీసే పద్ధతి మార్చాలి. గదిలో లైట్లు ఆర్పి, వస్తువును బల్ల మీద కదలకుండా పెట్టాలి. ఫోనును పుస్తకాల దొంతర మీదో, స్టాండు మీదో నిలబెట్టాలి. వెలుగుకు రెండో ఫోను టార్చ్ చాలు, చిన్న బిందువులాంటి వెలుగు కావడమే దాని గొప్ప. దాన్ని మూరెడు దూరంలో పట్టుకుని, సీలు చుట్టూ విల్లులా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతూ ఐదారు ఫొటోలు తీయాలి. ఫొటో తీసే ఫోను సొంత ఫ్లాష్ వద్దు. సీలు కెమెరాకు ఎదురుగా ఉన్నప్పుడు ఫిల్ము అద్దంలా పనిచేసి నడిమధ్యన తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ మిగలనివ్వదు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌నూ వెలుగు మోతాదునూ బిగించాలి, మోతాదును కాస్త తగ్గించాలి కూడా. లేకపోతే మెరిసే చోట రంగు కాలిపోయి తెల్లబడుతుంది. కొత్త ఫోన్లు మనకు చెప్పకుండానే నాలుగైదు ఫొటోలు తీసి ఒకటిగా అతుకుతాయి, అంచులకు పదును పెడతాయి. ముఖాలకు అది పనికొస్తుందేమో గానీ ఇక్కడ లేని అంచుల్ని పుట్టిస్తుంది. వీలైతే ప్రో మోడ్‌లో ఆ సదుపాయాలన్నీ ఆపేయాలి.

ఆ ఐదారు ఫొటోల్ని పక్కపక్కన పెట్టుకుని ముందు చూడాల్సింది అక్షరాల అంచుల్ని. మార్కెట్లో ఇంద్రధనుస్సు ఫిల్ము చుట్టల లెక్కన దొరుకుతుంది, పెళ్లి కానుకలకు చుట్టే మెరుపు కాగితం లాంటిది. నకిలీల్లో పెద్ద వాటా దాని మీద సిరాతో బొమ్మ అచ్చువేసినవే. ఇది తేలిగ్గా మోసం చేస్తుంది, ఎందుకంటే ఇదీ మెరుస్తుంది, వంచితే దీని రంగులూ మారతాయి. మెరుపు ఉంది కదా అని సరిపెట్టుకునేవాళ్లకు ఇది చాలు. కానీ ఆ ఫిల్ముకు తన మీద ఏ అక్షరాలు పడబోతున్నాయో తెలియదు. కాబట్టి ఎరుపు పట్టీ ఒకటి నేల మీద మొదలై, అక్షరాన్ని పట్టించుకోకుండా దాన్ని దాటి అవతలి నేల మీదికి సాగిపోతుంది. రంగు మారితే మొత్తం ఒకే పోకడలో మారుతుంది. అసలుదాంట్లో రంగు సరిగ్గా అక్షరం అంచు దగ్గర తెగుతుంది. ఫిల్ము మీద సిరా ఉన్నచోట ఇంకో జాడ దొరుకుతుంది. సిరా అడుగున్న మెరుపును కప్పేస్తుంది కాబట్టి ఆ అక్షరం ఏ కోణంలోనూ వెలగదు. ఐదారు ఫొటోల్లోనూ అది అదే నలుపు, అదే నీలం. పక్క నుంచి వెలుగు వేస్తే సిరా అంచు ఫిల్ము పైభాగాన చిన్న గట్టులా నిలబడి ఉండటం కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త. అసలు సీళ్ల మీద కూడా సిరా ఉంటుంది. వరస సంఖ్య, క్యూఆర్ కోడు చాలావాటిలో పైన ముద్రించినవే. సిరా కనపడగానే నకిలీ అనకూడదు. హోలోగ్రామ్‌లో భాగం కావలసిన బొమ్మ సిరాగా తేలిందా అన్నదే ప్రశ్న. అది తేల్చాలంటే అసలుదని ఖాయంగా తెలిసిన ఇంకో సీలు కావాలి, లేదా తయారీదారు ప్రకటించిన వివరమైనా కావాలి. ఆధారం లేకుండా పోల్చడం కుదరదు.

రెండో పరీక్ష లోతుకు. ఈసారి వెలుగును కదపకుండా కెమెరాను పక్కకు జరపాలి. ముందు తలంలో ఒక గుర్తు, దాని వెనక 3 మిల్లీమీటర్ల లోతున ఉన్నట్టు అనిపించే ఇంకో బొమ్మ ఉన్న సీలు తీసుకుందాం. కెమెరా 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దాన్ని పక్కకు రెండున్నర సెంటీమీటర్లు జరిపితే వెనక బొమ్మ ముందుదానితో పోలిస్తే దాదాపు అర మిల్లీమీటరు జరిగినట్టు పడుతుంది. 20 మిల్లీమీటర్లు ఫ్రేము నిండిన ఫొటోలో అది 100 పిక్సెళ్లు. కొలబద్ద అక్కర్లేదు. ఒక ఫొటోలో వెనక నక్షత్రం మొన ముందున్న గీతను తాకుతుంటే, రెండో దాంట్లో గీతకూ మొనకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. సిరాతో అచ్చైనదాంట్లో లోతు ఉన్నట్టు నీడలు దిద్ది ఉండవచ్చు, కానీ మొనా గీతా ఎక్కడివక్కడే. ఈ పరీక్షంటే నాకు ఇష్టం, రంగుల మీద వాదన ఉండదు కాబట్టి. కాకపోతే లోతు లేని అసలు సీళ్లు బోలెడు ఉన్నాయి, వాటికి ఇది పనికిరాదు.

మూడో రకం జాడ చుక్కల్లో దొరుకుతుంది. స్కాన్ చేసి అచ్చువేసిన వాటిలో నాలుగు రంగుల చుక్కలు గులాబీ రేకుల్లా గుమిగూడి కనిపిస్తాయి. ఇంక్‌జెట్‌వైతే పొడి చల్లినట్టు క్రమం లేకుండా ఉంటాయి. సూక్ష్మాక్షరాల దగ్గర ఇది స్పష్టంగా బయటపడుతుంది. అసలుదాంట్లో 0.2 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం మన ఫొటోలో 40 పిక్సెళ్లు, చదవొచ్చు. 170 మైక్రాన్ల ఎడమున్న చుక్కలతో 200 మైక్రాన్ల అక్షరాన్ని గీయడం అయ్యే పని కాదు. నకిలీదాంట్లో అక్కడ అక్షరానికి బదులు నలిగిన గీత ఒకటి మిగులుతుంది.

ఇంతకంటే ఖర్చు పెట్టే నకిలీదారులు బొమ్మను చూసి లేజరు యంత్రంతో మళ్లీ గీయిస్తారు. డాట్ మ్యాట్రిక్స్ అనే ఈ పద్ధతిలో ఒక్కో చుక్కలో ఒక్కో దిశలో గీతలు పడతాయి. చుక్కలు పదుల మైక్రాన్ల సైజులో ఉంటాయి కాబట్టి మాక్రో ఫొటోలో, పది రెట్ల భూతద్దం కింద ఇంకా బాగా, చతురంగపు గళ్లలా అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఇది నిజంగానే వెలుగును రంగులుగా విడగొడుతుంది, అక్షరాల అంచు దగ్గర రంగు తెగుతుంది కూడా. మొదటి పరీక్ష దీని ముందు ఓడిపోతుంది. వంపుల్లో మెట్లు ఉన్నాయా, నున్నగా ఉన్నాయా అన్నది అసలుదాని పక్కన పెట్టి చూడాలి. "చుక్కలున్నాయి, కాబట్టి నకిలీ" అనే సూత్రం మాత్రం తప్పు, తక్కువ ధరకు తయారయ్యే అసలు సీళ్లు ఎన్నో ఇదే యంత్రం మీద పుడతాయి.

ఇప్పటిదాకా చెప్పింది హోలోగ్రామ్ గురించి. సీలుకు రెండో ఉద్యోగం ఉంది, ఎవరైనా తెరిస్తే పట్టివ్వడం. ఆ పని చేసేది హోలోగ్రామ్ కాదు, స్టిక్కరు పొరల అమరిక. పాలియెస్టర్ ఫిల్ముకూ గీతలున్న పూతకూ మధ్య, కొన్నిచోట్ల మాత్రమే, పట్టు సడలించే పలచటి పూత ఒకటి అచ్చువేస్తారు. సాధారణంగా VOID అనే అక్షరాల రూపంలోనో, తేనెపట్టు గళ్లలానో ఉంటుంది. ఎవరైనా స్టిక్కరు లాగితే ఆ పూత ఉన్నచోట ఫిల్ము పట్టు విడిచేస్తుంది, అల్యూమినియం పొర డబ్బా మీదే ఉండిపోతుంది. పూత లేనిచోట అల్యూమినియం ఫిల్ముతోపాటు లేచి వస్తుంది. ఫలితంగా డబ్బా మీద వెండి అక్షరాలు, చేతిలోని ఫిల్ములో అవే అక్షరాల ఆకారంలో కంతలు.

ఈ రెండు సగాలనూ ఒకే వెలుగులో ఫొటో తీసి పోల్చడం మంచి పరీక్ష. ఒకచోట ఉన్నది రెండోచోట లేకపోవాలి, రెండూ కలిస్తే బొమ్మ పూర్తి కావాలి. డబ్బా మీద మిగిలిన వెండి అక్షరాల్లో కూడా హోలోగ్రామ్ ముక్కలు రంగులు చిమ్ముతూనే ఉండాలి, అవి గీతలున్న పొర తునకలే కదా. చౌక నకిలీ స్టిక్కరు ఒక్క ముక్కగా లేచి వస్తుంది, వెనక జిగురు మాత్రం చుక్క చెదరదు. ఇంకొన్నింటిలో అక్షరాలు ముందే బూడిదరంగు సిరాతో అచ్చయి ఉంటాయి. వాటి మీద టార్చ్ ఎంత తిప్పినా రంగు పుట్టదు.

అంత తేలిగ్గా తేలని ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు సీలునే మెల్లగా లేపి, లోపల పని కానిచ్చి, తిరిగి అంటిస్తే? ఇక్కడ స్టిక్కరు నిజమైనదే కాబట్టి పై పరీక్షలన్నీ పాసవుతుంది. వేరే జాడలు వెతకాలి. పొరలు ఒక్కసారి విడిపడి మళ్లీ అతికితే మధ్యలో సన్నని గాలిపొర చిక్కుతుంది. వెలుగును దాదాపు తలానికి ఆనించినంత పక్కగా వేసి ఫొటో తీస్తే, దాగి ఉండాల్సిన VOID అక్షరాలు పలచని పొగలా తేలతాయి. అంచుల్లో జిగురులోకి దూరిన దుమ్ము, నూలుపోగులు, గాలిబుడగలు కనిపిస్తాయి. కొత్త సీలు అంచు చుట్టూరా ఒకే తీరున అతుక్కుని ఉంటుంది, లేపింది ఒక మూల నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ మూల దగ్గరే అల్యూమినియంలో సన్నని పగుళ్లు జుట్టులా పడతాయి. నేనైతే సీలు ఫొటో అడిగినప్పుడు మధ్యలోని బొమ్మకంటే ముందు నాలుగు మూలలే పంపమంటాను.

అయినా పట్టుబడకుండా లేపగలవాళ్లు ఉన్నారు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోజర్ జాన్‌స్టన్ బృందం ఏళ్ల తరబడి వందలాది రకాల సీళ్లను పరీక్షించింది. సాధారణ పనిముట్లతో, తక్కువ సమయంలో చాలావాటిని దాటవచ్చని తేల్చింది. సీలు ఎంత ఖరీదైనదన్నది అక్కడ పెద్దగా లెక్కకు రాలేదు. చూసేవాడికి ఏం వెతకాలో తెలుసా లేదా అన్నదే తేడా తెచ్చింది.

2023లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టిన ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. డిజిటల్ నాణేల తాళాలు దాచుకునే ట్రెజర్ మోడల్ టి అనే చిన్న పరికరాన్ని ఒకరు వర్గీకృత ప్రకటనల వెబ్‌సైట్‌లో కొన్నారు. డబ్బా మీదా పరికరం మీదా హోలోగ్రామ్ స్టిక్కర్లు ఉన్నాయి, చెదిరిన గుర్తు లేదు. పరికరం మామూలుగానే పనిచేసింది. కొన్నాళ్లకు అందులోని సొమ్ము మాయమైంది. పరిశోధకులు దాన్ని విప్పి చూశారు. కంపెనీ రెండు సగాలనూ అల్ట్రాసోనిక్ పద్ధతిలో అతుకుతుంది, ఇందులో మాత్రం బోలెడంత జిగురూ, రెండువైపులా అంటుకునే టేపూ ఉన్నాయి. లోపలి మైక్రోకంట్రోలర్ చిప్ అసలుది కాదు, దాని చుట్టూ టంకం వేసిన ఆనవాళ్లున్నాయి. చిప్‌లోని సమాచారాన్ని ఎవరూ చదవకుండా కాపాడే రక్షణ పూర్తిగా ఆపేసి ఉంది. స్టిక్కర్లను ఎన్ని కోణాల్లో ఫొటో తీసినా డబ్బాను తెరిచారా లేదా అన్నంతవరకే ఆ ఫొటోలు మాట్లాడగలవు, లోపల పెట్టిన చిప్ గురించి కాదు. ఇలాంటి పరికరాలకు కంపెనీలు మరో తనిఖీ పెట్టుకున్నాయి. పరికరంలోని సాఫ్ట్‌వేరు మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో పరికరమే సరిచూస్తుంది. ఈ నకిలీదాంట్లో ముందుగా మార్చేసింది సరిగ్గా ఆ సరిచూసే కోడునే.